చేతిరాత టైపు చేసిపెడతామనే ఆ పేజీ వాళ్ళతో జాగ్రత్త

పేరు రాయను, ఎవరో మీకు తెలుసు. ‘ఫొటో పంపండి, నీట్‌గా టైపు చేసి ఇస్తాం’ అని రోజూ కనిపించే పేజీయే.

మాది పర్లాకిమిడి. చదువంతా ఒడియా మీడియం. తెలుగు అచ్చు చదువుతాను, ఫోన్లో టైపు చేస్తాను. పోయిన మా నాన్న గొలుసుకట్టు రాత మాత్రం నాకు కొరుకుడు పడదు. ఆయన బాకీల పుస్తకం 46 పేజీలు, పేజీకి 25 చొప్పున 1150 కట్టాను. రెండు రోజుల్లో ఫైలొచ్చింది, ముత్యాల్లాంటి అక్షరాలు.

అందులో వెనక వీధి మావయ్య పేరు, పక్కన ‘8000 ఇచ్చాను’ అని ఉంది. నాన్న ఇచ్చారన్నమాట అనుకుని, మహా ధీరుడిలా వెళ్ళి అడిగేశాను. అత్త ఏమీ అనకుండా లోపలికెళ్ళి నాన్న సంతకం ఉన్న కాగితం తెచ్చింది. తీసుకున్నది నాన్నే. బాకీ ఉన్నది మేమే. ‘మీ నాన్న పోయాక మేం అడగలేదు బాబూ’ అంది. నేల చీలితే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. సరిగ్గా ఆ అక్షరం మీద కాగితం మడత. ఫొటోలో పైన తలకట్టు, పక్కన కొమ్ము మాత్రమే మిగిలాయి. ‘ను’కీ ఉన్నవి అవే, ‘రు’కీ అవే. తేడా తెలిసే మధ్య భాగం మడతలో పోయింది. మడత విప్పి కిటికీ దగ్గర ఏటవాలు వెలుగులో పట్టుకుంటే గుండ్రటి ‘ర’ కనిపించింది. అదే పేజీలో నాన్న రాసిన ‘రూపాయలు’లోని ‘ర’తో పోల్చాను, అచ్చంగా అదే చుట్టు. ‘ఇచ్చారు’!

ఆ పేజీ అతనికి ఫోన్ చేస్తే ఏమన్నాడో వినండి. ‘అక్కడ మాకూ కనబడలేదండీ, సెన్స్ చూసి వేశాం.’ బాకీల పుస్తకంలో రెండూ సెన్సే కదయ్యా! కనబడకపోతే ‘ఇచ్చా[ను/రు?]’ అని పెట్టొచ్చు కదా అంటే, ‘గుర్తులుంటే నీట్‌గా ఉండదని కస్టమర్లు గొడవ చేస్తారు. మీ సొంత భాష మీరు చదువుకోలేకపోతే మేమేం చేస్తాం?’ అని పెట్టేశాడు. ఆ చివరి మాట నిజమే, అందుకే ఇంకా మండుతోంది. పాతపట్నం వెళ్తే చదివిపెట్టే మాస్టారు ఉన్నారు. బద్ధకించింది నేనే.

ఎవరికైనా ఇస్తే ముందు ఒక మడత పేజీ ఇచ్చి చూడండి. అనుమానం గుర్తు లేకుండా తిరిగొస్తే మిగతావి ఇవ్వకండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గి సన్న గీతలు అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి.

నా ఫైల్లో మిగతా 45 పేజీల్లోనూ ఒక్క ప్రశ్న గుర్తు లేదు. అవన్నీ ఇప్పుడు మళ్ళీ చూడాలి.