48 గంటల సగటు: ఫిక్స్‌డ్ లెక్క మేలా, రోలింగ్ లెక్క మేలా?

మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో వారానికి 48 గంటలు అని రాశారంటే, ఏ వారానికి ఆ వారమే లెక్కగా ఉండేది. బ్రిటన్‌లోనూ పరిమితి 48 గంటలే. కానీ అక్కడ చూసేది సగటు. ఈ వారం 60 గంటలు చేయించినా ముందూ వెనకా వారాలు తేలిగ్గా ఉంటే చట్టం తప్పినట్టు కాదు. అందుకే అక్కడి ఆసుపత్రుల్లో, కేర్ హోమ్‌లలో, గోదాముల్లో పనిచేసే మనవాళ్లు రోటా, అంటే డ్యూటీల పట్టిక, చూసి "ఇది 48 దాటింది కదా" అని అడిగితే, "సగటున దాటలేదు" అన్న జవాబు వస్తుంది. అప్పుడు అడగాల్సిన అసలు ప్రశ్న ఇది: ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తీసిన సగటు?

దీనికి 1998 నాటి వర్కింగ్ టైమ్ రెగ్యులేషన్స్ రెండు దారులు ఇచ్చాయి. రెండింటిలోనూ సగటు తీసే కాలం, అంటే రిఫరెన్స్ పీరియడ్, మామూలుగా 17 వారాలే. ఫిక్స్‌డ్ పద్ధతిలో క్యాలెండర్‌ను 17 వారాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు విడిగా సగటు తీస్తారు. ముక్క అయిపోగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. రోలింగ్ పద్ధతిలో అలాంటి గీత ఉండదు. ఉద్యోగంలో వరసగా ఏ 17 వారాలు తీసుకున్నా సగటు 48 దాటకూడదు. ప్రతి వారం గడిచేకొద్దీ పాత వారం ఒకటి లెక్కలోంచి జారిపోతుంది, కొత్తది వచ్చి చేరుతుంది.

నా మటుకు రోలింగే మేలు. ఎందుకో అంకెల్లోనే కనబడుతుంది.

ఒక నర్సు రోటా ఊహించుకుందాం. 17 వారాలకు 48 చొప్పున మొత్తం 816 గంటలు. మొదటి పీరియడ్‌లో ఆమెకు తొమ్మిది వారాలు 36 గంటల చొప్పున వేశారు. తర్వాత ఇద్దరు ఉద్యోగం మానేశారు. మిగిలిన ఎనిమిది వారాలు 60 గంటల చొప్పున చేసింది. మొత్తం 804 గంటలు, సగటు 47.3. ఫిక్స్‌డ్ లెక్కలో పాస్. రెండో పీరియడ్ మొదలయ్యే నాటికి కొత్తవాళ్లు ఇంకా రాలేదు. ఇంకో ఎనిమిది వారాలు 60 గంటలే. ఆ తర్వాత తొమ్మిది వారాలు 36. మళ్లీ 804, మళ్లీ 47.3, మళ్లీ పాస్.

కాగితం మీద రెండు పీరియడ్లూ శుభ్రంగా ఉన్నాయి. కానీ ఆ మనిషి వరసగా పదహారు వారాలు 60 గంటల చొప్పున పనిచేసింది. ఆ పదహారు వారాలకు పక్కనున్న ఒక 36 గంటల వారాన్ని కలిపి చూస్తే 17 వారాలకు 996 గంటలు, సగటు 58.6. ఆమె ఒళ్లు అలిసింది ఈ పదిహేడు వారాల్లో. ఫిక్స్‌డ్ లెక్క మాత్రం సరిగ్గా దాని మధ్యలో గీత గీసి, రెండు వైపులా బాగానే ఉందని చెబుతోంది.

అదే రోటాను రోలింగ్‌లో చూడండి. బరువు వారాలు ఎనిమిది అయ్యేదాకా సగటు 47.3 దాటదు, ఇబ్బంది లేదు. తొమ్మిదో 60 గంటల వారం వేయబోతే మొత్తం 828 అవుతుంది, సగటు 48.7. అక్కడే ఆగాలి. అంటే పదహారు వారాలు సాగాల్సిన భారం ఎనిమిది వారాల దగ్గరే బయటపడింది. సిబ్బందిని వెతకాల్సిన అవసరం మేనేజర్‌కి అప్పుడే తెలుస్తుంది.

ఈ గీత దగ్గరి సమస్య మీద యూరప్‌లో కోర్టు తీర్పు కూడా ఉంది. ఫ్రాన్స్‌లో పోలీసుల పని గంటల సగటును క్యాలెండర్ అర్ధ సంవత్సరాల మీద, అంటే జనవరి నుంచి జూన్, జూలై నుంచి డిసెంబర్ లెక్కన తీసేవారు. అక్కడి పోలీసు అధికారుల యూనియన్ ఒకటి దీన్ని సవాలు చేసింది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 ఏప్రిల్ 11న తీర్పు చెప్పింది (కేసు C-254/18). ఫిక్స్‌డ్ పీరియడ్లు పెట్టుకోవచ్చు, కానీ వరసగా వచ్చే రెండు పీరియడ్ల మీదుగా పడే ఏ ఆరు నెలల్లోనైనా సగటు 48 దాటకుండా చూసే ఏర్పాటు ఉండాలి అన్నది దాని సారాంశం. పేరుకు ఫిక్స్‌డ్‌ని ఒప్పుకున్నట్టే ఉన్నా, గీతకు అటూ ఇటూ చూడమన్నారంటే రోలింగ్ చూపును అందులో చేర్చినట్టే. పీరియడ్ ఎంత పొడుగైతే ఈ ప్రమాదం అంత పెరుగుతుంది. 26 వారాల ఫిక్స్‌డ్ పీరియడ్‌లో సగం 36, సగం 60 వేస్తే సగటు సరిగ్గా 48. బరువైన సగాలు రెండూ పక్కపక్కన పడితే అర్ధ సంవత్సరం పాటు వారానికి 60 గంటలు. బ్రిటన్ ఇప్పుడు ఆ కోర్టు పరిధిలో లేదు. అయినా ఆ తీర్పు పట్టుకున్న లోపం ఎక్కడైనా లోపమే.

ఫిక్స్‌డ్‌కి మంచి లేకపోలేదు. లెక్క ఏడాదికి మూడుసార్లు తీస్తే చాలు, అందరికీ ఒకే తేదీలు, పేరోల్ వాళ్లకు సులువు. గంటలు ఎప్పుడూ 40, 45 మధ్య నిలకడగా ఉండే ఆఫీసులో రెండు పద్ధతులకూ తేడాయే రాదు. అక్కడ రోలింగ్ కోసం పట్టుబట్టడం అనవసరం. తేడా వచ్చేది సీజన్ ఉన్న చోట. క్రిస్మస్ రద్దీ ఉండే గోదాములో అక్టోబర్ నుంచి జనవరి దాకా ఒకే పీరియడ్‌లో పడితే రద్దీ అంతా ఒకే లెక్కలోకి వస్తుంది, గీత చలికాలం మధ్యలో తేలికైన రోజుల్లో పడుతుంది. ఇది న్యాయంగానే ఉంటుంది. కానీ మూడు పీరియడ్లు కలిపితే 51 వారాలే, అంటే 357 రోజులు. ఏటా గీత ఎనిమిది రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. ఈ ఏడాది జనవరి మధ్యలో ఉన్న గీత మూడేళ్లకు డిసెంబర్ చివరికి, రద్దీ రోజుల్లోకి వచ్చేస్తుంది. ఎవరూ ఏమీ మార్చకుండానే మంచి ఏర్పాటు చెడ్డదవుతుంది. ఫిక్స్‌డ్ వాడేవాళ్లు ఏటా తేదీలు సరిచూసుకోవాల్సింది ఇందుకే.

మీకు వర్తించేది ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. చట్టం ప్రకారం మామూలుగా వర్తించేది రోలింగే. ఫిక్స్‌డ్ కావాలంటే దానికి యూనియన్‌తోనో, సిబ్బంది ప్రతినిధులతోనో, లేదా ఉద్యోగితోనో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. కాంట్రాక్టులో ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే 17 వారాల పీరియడ్ల మాట ఎక్కడా లేకుండా హెచ్‌ఆర్ వాళ్లు ఫిక్స్‌డ్ లెక్క చూపిస్తుంటే, ఆ ఒప్పందం ఎక్కడుందో అడగండి. ఒకవేళ మీరే 48 పరిమితి వద్దని ఆప్ట్ అవుట్ మీద సంతకం పెట్టి ఉంటే ఈ లెక్కలేవీ మీకు పట్టవు. చేరిన రోజు కాగితాల కట్టలో అది కూడా ఉందేమో చూసుకోండి. నోటీసు ఇచ్చి దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. నోటీసు మామూలుగా ఏడు రోజులు, ఒప్పందంలో ఎక్కువ రాసుంటే గరిష్ఠంగా మూడు నెలలు.

రోలింగ్ కష్టమని మేనేజర్లు అంటారు గానీ, రోటా వేసేటప్పుడు కావాల్సింది ఒక్క తీసివేత. 816 లోంచి గడిచిన 16 వారాల మొత్తం తీసేస్తే, ఈ వారానికి మిగిలిన గంటలు వస్తాయి. పై నర్సు విషయంలో తొమ్మిదో బరువు వారానికి ముందు 16 వారాల మొత్తం 768. మిగిలింది 48. ఆ వారం ఆమెకు అంతకు మించి షిఫ్టులు వేయకూడదు. స్ప్రెడ్‌షీట్‌లో B2 నుంచి వారాల గంటలు రాసుకుంటే, పదిహేడో వారం పక్కన ఈ ఫార్ములా పెట్టి కిందికి లాగితే చాలు:

```
=SUM(B2:B18)/17
```

ఇది తప్పేది సెలవుల దగ్గర. ఏ పద్ధతి ఎంచుకున్నా ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఒకాయన వారానికి ఐదు రోజులు, 52 గంటలు చేస్తాడు. 17 వారాల్లో రెండు వారాలు వార్షిక సెలవు తీసుకుని ఊరికి వచ్చాడు. పనిచేసిన పదిహేను వారాలకు 780 గంటలు. 17తో భాగిస్తే 45.9, పాస్ అనిపిస్తుంది. కానీ చట్టం సెలవు రోజులను సున్నా గంటలుగా లెక్కపెట్టనివ్వదు. చట్టబద్ధమైన వార్షిక సెలవు, సిక్ లీవ్, మెటర్నిటీ లీవ్ లాంటి రోజులు ఎన్ని పోయాయో, పీరియడ్ అయ్యాక ఆయన పనిచేసిన అన్ని రోజుల గంటలు తెచ్చి కలపాలి. ఇక్కడ పది రోజులు పోయాయి కాబట్టి తర్వాతి పది పని దినాల 104 గంటలు కలిపితే 884. సగటు 52. సెలవు పెట్టినందువల్ల సగటు తగ్గిపోదు. అయిదారు వారాల కిందే చేరినవారి విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ఆరు వారాలు 55 చొప్పున చేస్తే 330 గంటలు. దాన్ని భాగించాల్సింది 6తో, 17తో కాదు. సగటు 55, పరిమితి అప్పుడే దాటింది.

రోలింగ్ మేలన్నాను గానీ, అది ఒక్కటే కాపలా కాదు. ఏ సగటైనా ఒక్క వారంలో పడే భారాన్ని ఆపలేదు. ఇంగ్లండ్‌లో శిక్షణలో ఉన్న డాక్టర్లకు, అందులో మన ఎంబీబీఎస్‌లు చదివి వెళ్లినవారూ ఉన్నారు, చట్టం 26 వారాల పీరియడ్ ఇచ్చింది. అంత పొడుగు సగటుకు తోడు, వాళ్ల 2016 కాంట్రాక్టులో వరసగా ఏ 168 గంటల్లోనైనా 72 గంటలకు మించి పని ఉండకూడదని విడిగా రాశారు. దానికి సగటు లేదు.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం పైన చెప్పినదంతా పక్కన పెట్టాలి. డిగ్రీ, పీజీ చదివేవారికి టర్మ్ రోజుల్లో మామూలుగా ఉండే 20 గంటల పరిమితి సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ వారానికి ఆ వారమే. ఈ వారం 30 చేసి వచ్చే వారం 10 చేస్తే సగటు 20 వస్తుంది గానీ, వీసా షరతు తప్పినట్టే. "సగటున సరిపోతుందిలే" అని ఎక్స్‌ట్రా షిఫ్ట్ ఇచ్చే సూపర్‌వైజర్ చెబుతున్నది వర్కింగ్ టైమ్ చట్టం సంగతి. మీ వీసాకి దానితో సంబంధం లేదు.