వైజాగ్‌లో అద్దె కారు: తాళం తీసుకునే ముందు, తిరిగి ఇచ్చే ముందు

అరకు వెళ్లడానికి వైజాగ్‌లో సెల్ఫ్ డ్రైవ్ కారు కోసం ఇద్దరిని అడిగాను. ఒకాయన తెల్ల నంబర్ ప్లేట్ కారు, రెండు వందలు తక్కువ. ఇంకొకాయన కారుకి నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలు, అంటే అద్దెకి తిప్పడానికి పర్మిట్ ఉన్నది. రెండోదే తీసుకున్నాను. సొంత కారుని అద్దెకిస్తే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఒప్పుకోకపోవచ్చు.

కారు సిరిపురంలోని మా హోటల్‌కే తెచ్చారు, కాకపోతే సెల్లార్‌లో పెట్టారు. ట్యూబ్‌లైట్ వెలుగులో ఏ గీతా కనపడదు. "బాబూ, ఒకసారి రోడ్డు మీదకి తీయండి" అంటే కుర్రాడు విసుక్కోకుండా తీశాడు. ఎండలో చూస్తే ఎడమ వెనక డోర్ మీద చిన్న సొట్ట, ముందు బంపర్ కింది అంచున పాత గీరుడు. ఈ కింది అంచు ఎవరూ చూడరు, స్పీడ్ బ్రేకర్లకి తగిలేది మాత్రం అదే. రెండూ వీడియో తీసి, అక్కడే అతని వాట్సాప్‌కి పంపించాను. స్టెప్నీలో గాలి, జాకీ కూడా చూసుకోండి, ఘాట్‌లో పంక్చర్ షాపు దొరకదు.

పెట్రోల్ దగ్గరే ఎక్కువ గొడవలు. "మీటర్‌లో ఇంకా 210 కిలోమీటర్లు వెళ్తుందని చూపిస్తోంది, అంతే ఉంచి ఇవ్వండి" అన్నాడు. ఆ అంకె ట్యాంకులో ఎంత ఉందో చెప్పదు, ఈమధ్య బండి ఇచ్చిన మైలేజీని బట్టి వేసే అంచనా అది. అనంతగిరి ఘాట్ ఎక్కి దిగాక అదే పెట్రోల్‌కి ఇంకో అంకె చూపిస్తుంది. అందుకే గేజ్ గడుల లెక్క రాయించాను: ఎనిమిదిలో నాలుగు. బండి సమంగా ఉన్న చోటే ఫొటో తీయాలి, ఏటవాలులో గేజ్ తప్పు చూపిస్తుంది. వెళ్లేటప్పుడు ఎస్.కోటలో పోయించాం. తిరిగొచ్చాక హోటల్ దగ్గరి బంకులో నాలుగు గడులకి సరిచేసి, బిల్లు దాచాను.

డిపాజిట్ 5,000. కారు తిరిగి తీసుకున్నాక 4,000 వెంటనే ఫోన్‌పే చేశారు, మిగతా 1,000 చలాన్లు వస్తాయేమోనని వారం ఆపారు. న్యాయంగానే అనిపించింది, ఎందుకంటే కెమెరా చలానా ఆలస్యంగా వస్తుంది. ఎంత ఆపుతారు, ఎప్పటికి ఇస్తారు అన్నది ముందే మెసేజ్‌లో పెట్టించుకోండి. ఫాస్టాగ్‌లో కోసిన టోల్ కూడా అందులోంచే పోతుంది.

కారు తిరిగి ఇవ్వాల్సిన టైమ్ సాయంత్రం ఏడు గంటలు. అరకు నుంచి దాదాపు 115 కిలోమీటర్లే అయినా పెందుర్తి దాటాక ఎన్ఏడీ జంక్షన్ వైపు సాయంత్రం ట్రాఫిక్‌కి లెక్క ఉండదు. రెండింటికే బయలుదేరాం, ఆరున్నరకి చేరాం. ఏడు అంటే మనం వచ్చే టైమా, చెకింగ్ అయ్యి తాళం చేతులు మారే టైమా అని ముందే అడిగాను. తాళం ఇచ్చే టైమేనట, చెకింగ్‌కి ఇరవై నిమిషాలు పట్టింది.