గాలి సంచులా, ఆకాశ క్రేనా: అంగారకుడిపై రోవర్‌ను దించే రెండు పద్ధతులు

అంగారకుడి గాలి పీడనం భూమి మీదున్న దానిలో ఒక శాతం కూడా ఉండదు. సెకనుకు 5 కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకొచ్చే నౌకను ఉష్ణకవచం, పారాచూట్ చాలావరకు నెమ్మదింపజేస్తాయి. కానీ క్యూరియాసిటీ లాంటి బరువైన రోవర్ ఉన్న నౌకకు పారాచూట్ వదిలే సమయంలో ఇంకా సెకనుకు 80 మీటర్ల వేగం మిగిలే ఉంటుంది. అసలు చిక్కు అక్కడే.

2004లో దిగిన స్పిరిట్ రోవర్ బరువు సుమారు 185 కిలోలు. చివర్లో రాకెట్లు వేగం తగ్గించాక, గాలి సంచుల మధ్య అది బంతిలా ఎగిరెగిరి పడి ఆగింది. 899 కిలోల క్యూరియాసిటీకి ఇది కుదరదు. అంత బరువు పడితే చిరగకుండా తట్టుకునే సంచులు మోయలేనంత బరువవుతాయి.

అందుకే 2012లో ఆకాశ క్రేన్ వాడారు. రాకెట్లున్న వాహనం సుమారు 20 మీటర్ల ఎత్తు నుంచి రోవర్‌ను 7.5 మీటర్ల నైలాన్ తాళ్లతో కిందికి దించింది. ఇంజన్లు పైనే ఉండటంతో వాటి జ్వాల నేలను తవ్వేయడం, రాళ్లను ఎగరగొట్టడం తగ్గుతుంది. రోవర్ సెకనుకు 0.75 మీటర్ల వేగంతో చక్రాల మీదే దిగుతుంది. నేల తాకిందని తెలిసేదెలా? తాళ్లపై భారం పోగానే, అదే వేగంతో దిగడానికి ఇంజన్లకు కావాల్సిన తోపుడు బలం తగ్గిపోతుంది. ఆ తగ్గుదల నిలకడగా కనిపిస్తేనే తాళ్లు కోస్తారు. తాళ్లు తెగకముందే వాహనం పైకి ఎగిరిపోతే రోవర్‌ను లాగేస్తుంది. నా దృష్టిలో ఈ పద్ధతిలో అతి సున్నితమైన క్షణం ఇదే.