ఎక్స్‌పైరీ నాడు స్ట్రాడిల్, బుల్ కాల్ స్ప్రెడ్, ప్రొటెక్టివ్ పుట్: ఎంత మిగులుతుంది?

లెక్క కోసం ఒక షేరు ధర ₹1000 అనుకుందాం. 1000 కాల్ ప్రీమియం ₹40, 1000 పుట్ ₹35, 1050 కాల్ ₹20. ఖర్చులు పక్కన పెడదాం.

స్ట్రాడిల్‌కి కాల్, పుట్ రెండూ కొంటాం కాబట్టి ₹75 పోతుంది. స్ప్రెడ్‌లో 1000 కాల్ కొని 1050 కాల్ అమ్ముతాం, నికర ఖర్చు ₹20. ప్రొటెక్టివ్ పుట్‌లో షేరు కొని, దానికి ₹35తో పుట్ తీసుకుంటాం.

షేరు 1050 దగ్గర ముగిస్తే స్ప్రెడ్‌కి ₹30, ప్రొటెక్టివ్ పుట్‌కి ₹15 లాభం. స్ట్రాడిల్‌కి మాత్రం ₹25 నష్టం, ఎందుకంటే అది లాభంలోకి రావాలంటే 1075 దాటాలి, లేదా 925 కంటే కిందకు పడాలి. కదలకుండా 1000 దగ్గరే ఉంటే మొత్తం ₹75 పోతుంది.

స్ప్రెడ్ లాభం ₹30 దగ్గరే ఆగిపోతుంది. 1065 దాటితే ప్రొటెక్టివ్ పుట్ దాన్ని మించుతుంది; 1100 దగ్గర దానికి ₹65 వస్తుంది. స్ట్రాడిల్‌కి అక్కడ ₹25 మాత్రమే. 1000 పైన ఎంత పెరిగినా ఈ ₹40 తేడా అలాగే ఉంటుంది, అది కాల్‌కి కట్టిన ప్రీమియమే. 900కి పడితే స్ట్రాడిల్‌కి ₹25 లాభం, స్ప్రెడ్‌కి ₹20 నష్టం, ప్రొటెక్టివ్ పుట్‌కి ₹35 నష్టం.

ఓ మోస్తరు పెరుగుదలే ఆశిస్తే నా ఓటు స్ప్రెడ్‌కే. కానీ ఎన్ఎస్ఈలో స్టాక్ ఆప్షన్లకు షేర్ల డెలివరీ ఉంటుంది. ధర 1040 దగ్గర ముగిస్తే అమ్మిన కాల్ విలువ లేకుండా పోతుంది, కొన్న కాల్‌కి లాట్‌లోని ప్రతి షేరుకీ ₹1000 చొప్పున డబ్బు కట్టాలి. అంత డబ్బు లేకపోతే ముందే పొజిషన్ క్లోజ్ చేయండి.