జిరా ఎపిక్‌లో ఆ ఆకుపచ్చ బార్: చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

టీమ్ పనులను టికెట్లుగా రాసుకునే సాఫ్ట్‌వేర్ జిరా, ఒక పెద్ద పనికి చెందిన టికెట్లన్నిటినీ ఒకచోట చేర్చేది ఎపిక్. జిరాలో ఎపిక్ తెరిస్తే దాని కింది చైల్డ్ టికెట్ల జాబితా పైన ఒక సన్నటి బార్ ఉంటుంది. అయిపోయినవి ఆకుపచ్చ, నడుస్తున్నవి నీలం, ఇంకా ముట్టుకోనివి బూడిద రంగు. పక్కనే ఎంత శాతం `Done` అయిందో కనిపిస్తుంది. డెలివరీ లీడ్‌గా ఆ బార్‌తో నాకు చాలా ఏళ్ల సావాసం. నాలుగైదు టికెట్ల చిన్న ఎపిక్‌లో దాన్ని ఇప్పటికీ నమ్ముతాను. నలభై, యాభై టికెట్లున్న పెద్ద ఎపిక్‌లో మాత్రం ఆ అంకె చూసి ఎవరికీ తేదీ చెప్పను.

లెక్క చాలా సింపుల్. ఎపిక్ కింద నేరుగా ఉన్న టికెట్లలో ఎన్ని `Done` కేటగిరీ స్టేటస్‌లోకి చేరాయో చూసి, దాన్ని మొత్తం టికెట్ల సంఖ్యతో భాగిస్తుంది. టికెట్ అరపూట పనా, మూడు వారాల పనా అన్నది దానికి అనవసరం. సగం అయిన టికెట్‌కు సగం మార్కులు ఉండవు, సున్నానే. స్టోరీల కింద ఉన్న సబ్‌టాస్కులు ఎపిక్ పేజీలోని ఈ బార్ లెక్కలోకి రావు. టికెట్‌ను పని పూర్తయి మూసేశామా, వద్దనుకుని మూసేశామా అన్నది కూడా పట్టదు. బార్ ఏదీ దాచడం లేదు. టికెట్ల లెక్క చెబుతోంది, మనం దాన్ని పని లెక్కగా చదువుకుంటున్నాం.

పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి కస్టమర్ల డేటా మార్చే పని తీసుకుందాం. నేను ఎక్కువగా చూసినవి ఇలాంటి ఎపిక్‌లే. కింద ఉన్న అంకెలు మాత్రం లెక్క తేలిగ్గా అర్థం కావడానికి వేసుకున్నవి. ఎపిక్ పేరు `BILL-210`, కింద 40 టికెట్లు. అందులో 28 చిన్నవి: సర్వర్ యాక్సెస్ తీసుకోవడం, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ రెడీ చేయడం, లుకప్ టేబుళ్లు నింపడం, రిపోర్టు హెడర్ మార్చడం లాంటివి. అన్నీ కలిపి 26 రోజుల పని. మిగిలిన 12 పెద్దవి. వాటిలో తొమ్మిది ఒక్కోటి 4 రోజులు, రెండు ఒక్కోటి 10 రోజులు, చివరిది పాత బ్యాలెన్సులనూ కొత్త బ్యాలెన్సులనూ సరిపోల్చే రీకన్సిలియేషన్, 18 రోజులు. మొత్తం 100 రోజులు.

చిన్నవన్నీ, 4 రోజుల వాటిలో రెండూ అయిపోయాయనుకోండి. 40లో 30 టికెట్లు మూతపడ్డాయి, బార్ 75 శాతం అంటుంది. అయిన పని 26, 8 కలిపి 34 రోజులు. అంటే మూడింట ఒక వంతు. క్లయింట్ వైపు మేనేజర్ ఆ స్క్రీన్ చూసి "ఇంకో పాతిక శాతమే కదండీ, నెలాఖరుకు అయిపోదా?" అని అడగడంలో తప్పేమీ లేదు. మన దగ్గర మిగిలింది 66 రోజుల పని. ఏనుగు దూరింది, తోకే చిక్కింది అనుకుంటాం గానీ, తీరా చూస్తే అప్పటిదాకా దూరింది తోకే.

ఇది ఏదో ఒక ఎపిక్‌లో అనుకోకుండా జరిగేది కాదు. చిన్న టికెట్లు ముందు అయిపోవడానికి కారణాలున్నాయి. సెటప్ పనులు సహజంగానే ముందు వస్తాయి, అవి చిన్నవి కూడా. టీమ్ పనిని విడగొట్టుకునే ఒకటి రెండు వారాల గడువు, అంటే స్ప్రింట్, ముగిసేలోపు ఏదో ఒకటి మూయాలన్న ఒత్తిడిలో చేతికందేవే ముందు తీసుకుంటారు. పెద్దవి ఎవరిదో అప్రూవల్ కోసమో, ఇంకో టీమ్ ఇచ్చే ఫైల్ కోసమో ఆగిపోతాయి. అందుకే మొదటి సగంలో బార్ పరుగెడుతుంది, ఎనభై దాటాక వారాల తరబడి కదలదు. అప్పుడు అందరూ టీమ్ స్లో అయిపోయిందనుకుంటారు. టీమ్ మొదటినుంచీ అదే వేగంతో పనిచేస్తోంది.

నన్ను ఎక్కువగా విసిగించింది భాగహారంలో కింద ఉండే సంఖ్య. పైన చెప్పిన 18 రోజుల రీకన్సిలియేషన్ టికెట్‌ను డెవలపర్ బుద్ధిగా 12 ముక్కలు చేశాడనుకుందాం. నిజానికి అది మంచి పని, ఎవరు ఏం చేయాలో తేలుతుంది. కానీ మొత్తం 40 నుంచి 51 అవుతుంది. 51లో 30 అంటే 59 శాతం. నిన్న 75, ఇవాళ 59. పని ఒక్క గంట కూడా పెరగలేదు. మరుసటి రోజు స్టేటస్ కాల్‌లో "వెనక్కి ఎందుకు వెళ్లాం?" అని మొదలవుతుంది. రెండుసార్లు అలా అడిగితే చాలు, మూడోసారి ఆ డెవలపర్ పెద్ద టికెట్‌ను ముక్కలు చేయడు. దాన్ని ఎపిక్ కింద అలాగే గంపగుత్తగా ఉంచి, లోపల సబ్‌టాస్కులు పెట్టుకుంటాడు. బార్ అందంగానే ఉంటుంది, లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు.

వద్దనుకున్న టికెట్ల సంగతి ఇంకో రకం. ఎపిక్ తొలి రోజుల్లో 40 టికెట్లకు 4 అయ్యాయి, 10 శాతం. స్కోప్ తగ్గించి 16 టికెట్లను `Won't Do` అని మూసేశారు. బార్ ఒక్క పూటలో 50 శాతానికి ఎగబాకుతుంది. అవే 16 టికెట్లను ఎపిక్ నుంచి తీసేసి ఉంటే 24లో 4, అంటే 17 శాతం దగ్గర ఉండేది. ఎపిక్ చివర్లో ఈ రెండు పద్ధతులకీ పెద్ద తేడా ఉండదు గానీ, మొదట్లో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. ఏ ఎపిక్‌లోనైనా శాతం ఒక్కసారిగా పైకి ఎగిరిందంటే నేను ముందు నడిపే సెర్చ్ ఇదే:

```
parent = BILL-210 AND resolution in ("Won't Do", "Duplicate")
```

ఇక ఎవరికీ ఇంకా తెలియని పని. ఇలాంటి డేటా మార్పిడిలో అసలు కథ మొదటి మాక్ రన్, అంటే నిజంగా మార్చే ముందు చేసే రిహార్సల్, తర్వాతే మొదలవుతుంది. పాత సిస్టమ్‌లో ఒక కస్టమర్ బాకీ ఎంత, కొత్తదాంట్లో ఎంత అని వరుసగా పోలుస్తారు. కొన్ని ఖాతాల్లో పైసల తేడా వస్తుంది, పాతది పన్నును ఒక్కో లైన్‌కు రౌండ్ చేస్తుంటే కొత్తది బిల్లు మొత్తం మీద చేస్తుంటుంది. ఇంకొన్నింట్లో అడ్వాన్సు కట్టిన డబ్బు ఏ బిల్లుకూ జతపడకుండా వేలాడుతుంటుంది. ఒకే మనిషికి రెండు కస్టమర్ నంబర్లుంటాయి. ఒక్కో రకం తేడాకు ఒక్కో టికెట్ పుడుతుంది. మాక్ రన్ జరగకముందు ఇవేవీ లెక్కలో లేవు, ఉండే వీలూ లేదు. అంటే 75 శాతం అన్నది మొత్తం పనిలో ముప్పావు వంతు కాదు, ఈ రోజుకు మనకు తెలిసిన టికెట్లలో ముప్పావు వంతు. పైగా చాలా టీముల్లో టెస్టర్లు ఆ బగ్గులను ఎపిక్ కింద పెట్టరు, విడిగా బగ్ లిస్టులో వేస్తారు. అప్పుడు ఎపిక్ వంద శాతం చూపిస్తూనే ఉంటుంది, బయట బగ్గుల కుప్ప ఉంటుంది.

కొత్తగా పుట్టిన పని ఎంతో చూడటానికి ఇది చాలు:

```
parent = BILL-210 AND created >= -14d
```

ఒక చిన్న మెలిక ఉంది. ఎప్పుడో తయారైన టికెట్‌ను నిన్న ఈ ఎపిక్ కిందకు మార్చి ఉంటే ఈ సెర్చ్‌లో పడదు, ఎందుకంటే దాని పుట్టిన తేదీ పాతదే. అందుకే ప్రతి శుక్రవారం మొత్తం టికెట్ల సంఖ్యను విడిగా ఒక షీట్‌లో రాసి పెట్టుకుంటాను. పోయిన వారం 40, ఈ వారం 46 అని తెలిస్తే మిగతా సంగతి అడిగి తెలుసుకోవచ్చు.

మరి టికెట్ ఎంత పెద్దదో అంచనాగా వేసే స్టోరీ పాయింట్లతో లెక్క కడితే సరిపోతుందా? కొంత మేలు. జిరా ప్రీమియంలోని ప్లాన్స్‌లో రెండు రకాల కాలమ్‌లున్నాయి: ఎస్టిమేట్ల మీద ఆధారపడే `Progress`, టికెట్ల సంఖ్య మీద నడిచే `Progress (issue count)`. ఈ మధ్య issue అన్న మాటను work item అని మార్చారు కాబట్టి మీ తెర మీద పేరు కాస్త వేరుగా ఉండొచ్చు. మన ఉదాహరణలో ఎస్టిమేట్లు సరిగ్గా వేసి ఉంటే మొదటిది 34కు దగ్గరగా, రెండోది 75 చూపిస్తాయి. చిక్కేమిటంటే, ఎస్టిమేట్ వేయకుండా వదిలేసేది సాధారణంగా ఎవరికీ అంతుపట్టని పెద్ద టికెట్లనే. రీకన్సిలియేషన్‌కు అంచనా వేయకపోతే ఆ 18 రోజులు కూడికలో ఉండవు, 82లో 34 అంటే 41 శాతం అయి కూర్చుంటుంది. అందుకే స్క్రమ్ బోర్డులోని ఎపిక్ రిపోర్ట్ నాకు బార్ కన్నా నచ్చుతుంది. అంచనా లేని టికెట్లు ఎన్ని ఉన్నాయో అది విడిగా చూపిస్తుంది. ఎపిక్ బర్న్‌డౌన్ కూడా మంచిదే, ప్రతి స్ప్రింట్‌లో కొత్తగా చేరిన పనిని వేరే రంగులో చూపిస్తుంది కాబట్టి పని తగ్గకపోవడానికి కారణం వేగమా, కొత్త పనా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

టికెట్ల లెక్కే సరిగ్గా పనిచేసే చోట్లూ ఉన్నాయి. ఒకే రకం రిపోర్టులు అరవై కొత్త ఫార్మాట్‌లోకి మార్చాలి, ఒక్కోదానికీ ఇంచుమించు ఒకటే శ్రమ అనుకోండి, అక్కడ పాయింట్లు వేయడం టైమ్ వేస్ట్. సంఖ్యే చాలు. ప్రతి టికెట్‌నూ రెండు మూడు రోజులకు మించకుండా కోసుకునే అలవాటున్న టీమ్‌కు కూడా ఈ బార్ పెద్దగా అబద్ధం చెప్పదు, కొత్తగా చేరే టికెట్ల మీద ఒక కన్నేసి ఉంచితే చాలు.

పెద్ద ఎపిక్‌కు వారం రిపోర్టులో ఇప్పుడు నేను శాతం రాయను. నాలుగు వాక్యాలు రాస్తాను. "మొత్తం 46, పోయిన వారం 40. అయినవి 31, అందులో వద్దనుకున్నవి 2. మిగిలిన వాటిలో పెద్దవి: రీకన్సిలియేషన్, పాత బిల్లుల ఆర్కైవ్, పేమెంట్ గేట్‌వే మార్పు. రీకన్సిలియేషన్ మూడు వారాలుగా In Progress లోనే ఉంది, ఫైనాన్స్ టీమ్ నుంచి పన్ను రూల్ రావాలి." మొదట్లో పై మేనేజర్లకు ఇది నచ్చలేదు, వాళ్ల డాష్‌బోర్డులో గడికి ఒక అంకె కావాలి. ఆ గడి కోసం బార్‌ను అలాగే ఉంచాను, పక్కన ఎస్టిమేట్ల కాలమ్ పెట్టాను. ఆ రెండింటి మధ్య తేడా ఇరవై దాటిన ఎపిక్ ఏదైనా ఉంటే మీటింగ్‌లో ముందు దాన్నే తెరుస్తాం.