మూడు పేజీల బయోడేటా ఒక పేజీ రెజ్యూమేగా మారాక: రెండేళ్ల వాడకం

నేను ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ఇంజినీరును. నా పాత బయోడేటా తండ్రి పేరుతో మొదలయ్యేది. పుట్టిన తేదీ, మతం, వైవాహిక స్థితి, పాస్‌పోర్టు నంబరు అన్నీ అయ్యాక, ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న మాట కింద సంతకంతో ముగిసేది. దాన్ని ఒక పేజీ ఇంగ్లిషు రెజ్యూమేగా మార్చి రెండేళ్లుగా బ్రిటన్, కెనడా, గల్ఫ్ ఉద్యోగాలకు పంపుతున్నాను.

సొంత వివరాలు తీసేయడానికి పది నిమిషాలు పట్టింది. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం వయసు, మతం, పెళ్లి వంటివి చూసి ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. అందుకే ఫొటోతో సహా ఇవేవీ అక్కడ రెజ్యూమేలో రాయరు. గల్ఫ్ సంస్థలు మాత్రం జాతీయత, వీసా స్థితి తరచూ అడుగుతాయి కనుక వాటికి వేరే ప్రతి ఉంచుకున్నాను.

అసలు కష్టమంతా పని అనుభవం దగ్గరే. ‘ప్లాంటులో మెయింటెనెన్స్ బాధ్యతలు చూశాను’ అని బయోడేటాలో ఒకే వాక్యం ఉండేది. అది చదివితే నేను ఏం చేశానో నాకే తెలియలేదు. పాత లాగ్‌బుక్కులు తీసి లెక్క చూశాను. నా కింద 40 మోటార్లు ఉండేవి, నెలకు తొమ్మిది సార్లు ఏదో ఒకటి ఆగిపోయేది. బేరింగులకు గ్రీజు పెట్టడానికి వారాల వారీ పట్టిక వేశాక అది నాలుగుకు తగ్గింది. ఇప్పుడు రెజ్యూమేలో ఆ వాక్యం ‘తగ్గించాను’ అనే క్రియతో మొదలవుతుంది. ‘ఐ’ అన్న మాట లేదు, తొమ్మిది, నాలుగు అంకెలు మాత్రం ఉన్నాయి. ఆ తర్వాత జరిగిన ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆ పట్టిక గురించే మొదట అడిగారు.

తొలి నెలల్లో రెండు చోట్ల దెబ్బతిన్నాను. బయోడేటాలోని గళ్ల పట్టికను అలాగే ఉంచితే, దరఖాస్తు సైటు దాన్ని చదివి కంపెనీ పేరును డిగ్రీ గడిలో పెట్టింది. ఫైలులోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూస్తే ఇది ముందే తెలిసిపోతుంది. అక్కడ వరుస తప్పితే సైటులోనూ తప్పే అవకాశం ఎక్కువ. రెండోది పేరు. ఇంటిపేరును ఒక్క అక్షరంగా ముందు రాయడం మన అలవాటు. ఆ అక్షరాన్నే నా పేరనుకుని జవాబు రాశారు. పాస్‌పోర్టులో ఉన్నట్లు ఇంటిపేరు పూర్తిగా, చివరన రాశాక ఆ గందరగోళం పోయింది.

ఒక పేజీతో ఇప్పటికీ తీరని ఇబ్బంది ఒకటుంది. మొదటి మూడేళ్ల సబ్‌స్టేషన్ పని ఒక్క వరుసకే కుదించాల్సి వచ్చింది. ఆ పనే ముఖ్యమైన ఉద్యోగం కనిపించినప్పుడు, పాత బయోడేటా తెరిచి ఆ వివరాలు పైకి తెచ్చి, మోటార్ల భాగం కుదిస్తున్నాను. ఒక్కోసారి దానికి ఓ సాయంత్రం పడుతోంది.