తిరుపతిలో ఎస్‌ఈ స్పైరల్ నోట్సు కొనేవాళ్లు ముందు డయాగ్రామ్ పేజీలు తిప్పి చూడండి

బస్టాండ్ నుంచి యూనివర్సిటీకి పోయే దారిలో ఒక జిరాక్స్ షాపులో మొన్న మిడ్ ముందు 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇంపార్టెంట్ డయాగ్రామ్స్' అనే స్పైరల్ నోట్సు కొన్నాను. నీలం అట్ట, 180 రూపాయలు. "పోయినసారి అంతా ఇందులోంచే వచ్చింది అబ్బాయ్" అన్నాడు షాపాయన. అది నిజమే. ఈసారి కూడా ప్రశ్న అందులోంచే వచ్చింది. నోట్సులో ఉన్నది ఉన్నట్టు దించాను, పదికి మూడు వేశారు.

ప్రశ్న ఇది: యాత్రికుడు లాడ్జికి వచ్చి తేదీలు చెప్పి గది అడుగుతాడు. ఒక బుకింగ్‌లో ఒకటి నుంచి మూడు గదులు తీసుకోవచ్చు. ఆ తేదీల్లో గది ఖాళీ లేకపోతే అతని పేరు వెయిటింగ్ లిస్టులో చేరుతుంది. క్లాస్ డయాగ్రామ్, సీక్వెన్స్ డయాగ్రామ్ గీయండి.

పేపర్ చేతికిచ్చినప్పుడు మేడమ్ ముందు క్లాస్ డయాగ్రామ్‌లో బుకింగ్ నుంచి గదికి వెళ్లే గీత మీద వేలు పెట్టారు. నోట్సులో బుకింగ్ వైపు నల్లగా నింపిన డైమండ్ ఉంది, నేనూ అదే వేశాను. "అంటే యాత్రికుడు బుకింగ్ రద్దు చేస్తే లాడ్జిలో గది కూడా పోతుందా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నింపిన డైమండ్ అంటే కంపోజిషన్, మొత్తం పోతే దాని భాగం కూడా పోవాలి. ఇక్కడ బుకింగ్ పోయినా గది అక్కడే ఉంటుంది కదా, మామూలు గీత చాలు. ఆ గీత మీద `1..3` కూడా తప్పు చివర వేశాను. ఒక బుకింగ్‌కు ఎన్ని గదులన్నది గది పెట్టె పక్కన రాయాలి. బుకింగ్ పక్కన `0..*` రావాలి, ఎందుకంటే ఒకే గదిని రోజులు మారేకొద్దీ ఎంతోమంది తీసుకుంటారు.

ఇంకో తప్పు నాకు ఇంటికొచ్చాక గానీ తలకెక్కలేదు. నోట్సులో గది క్లాసులో `available` అని ఒక అట్రిబ్యూట్ పెట్టారు. ఈ శనివారం నిండిన గది వచ్చే మంగళవారం ఖాళీగా ఉండొచ్చు. ఉందా లేదా అనే ఒక్క విలువతో ఆ సంగతి చెప్పలేం. ప్రశ్నలో 'తేదీలు చెప్పి', 'ఆ తేదీల్లో' అని రెండుసార్లు రాసింది ఇందుకే. కనుక తేదీలు బుకింగ్‌లో ఉండాలి, గదికి `isFree(from, to)` అనే ఆపరేషన్ ఉండాలి. నామవాచకాల కింద గీత గీసి అన్నిటినీ పెట్టెల్లో పడేయమని నోట్సు మొదటి పేజీలో ఉంది. మొదలుపెట్టడానికి అది పనికొస్తుంది, కానీ అక్కడే ఆగితే ఇట్లాంటివి జారిపోతాయి.

అసలు మార్కులు పోయింది సీక్వెన్స్‌లో. నోట్సులో `isFree` బాణం గది నుంచి గుమాస్తా వైపు వెళ్తుంది. బాణం ఎవరి దగ్గర ఆగితే ఆ పని వాళ్లది, అంటే ఆ ఆపరేషన్ వాళ్ల క్లాసులోనే ఉండాలి. క్లాస్ డయాగ్రామ్‌లో గదికి ఉండాల్సిన పనిని సీక్వెన్స్‌లో గుమాస్తా చేస్తున్నాడన్నమాట, రెండు బొమ్మలకూ పొత్తే లేదు. అది చాలదన్నట్టు, గది ఇవ్వడం, వెయిటింగ్ లిస్టులో పేరు రాయడం రెండూ ఒకదాని కింద ఒకటి గీశారు. పైనుంచి కిందికి చదివితే గది ఇచ్చాక కూడా పేరు లిస్టుకెక్కుతుంది! ఏదో ఒకటే జరగాలంటే రెంటినీ `alt` పెట్టెలో పెట్టాలి. మేడమ్ బోర్డు మీద వేసిన వరుస దాదాపు ఇట్లా ఉంది:

```
clerk -> room : isFree(from, to)
room --> clerk : yes / no
alt room free
  clerk -> booking : create()
else not free
  clerk -> waitingList : add(pilgrim)
end
```

రెండో వరుసలోది జవాబు, చేతితో గీసేటప్పుడు చుక్కల గీత వేయాలి. నోట్సులో అదీ నిండు గీతే.

నోట్సు పట్టుకుని షాపుకు వెళ్లి చూపించాను. "నేను జిరాక్స్ తీసేవాణ్ణి, గీసేవాణ్ణి కాదు" అన్నాడాయన. డబ్బు వాపసు అడిగితే బైండింగ్ చేసింది తిరిగి తీసుకోనన్నాడు. అదీ న్యాయమేనేమో, కొనేముందు ఒక్క పేజీ కూడా తిప్పని తప్పు నాది.

మీరు కొనేటట్టయితే షాపులోనే సీక్వెన్స్ డయాగ్రామ్‌లో ఏదో ఒక బాణం తీసుకోండి. దాని మొన ఎక్కడ ఆగిందో చూసి, ఎదుటి పేజీలో ఆ క్లాసు పెట్టె అడుగు అరలో ఆ పేరు ఉందేమో వెతకండి. రెండు మూడు బాణాలకు లేకపోతే పుస్తకం అక్కడే పెట్టేయండి.

నిన్న అటుగా పోతూ చూస్తే నీలం అట్టవి అయిపోయాయి. ఇప్పుడు ఆకుపచ్చ అట్ట, 'న్యూ ఎడిషన్', 220 రూపాయలు. 41వ పేజీ తీశాను. గది నుంచి గుమాస్తాకు అదే బాణం.